పొగ అలారం బాగుంది, టేపుతోనే తంటా

నెల్లూరులో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాల్లో స్లాబుకి పొగ అలారం, వంటింటి గుమ్మం బయట మంటలార్పే కిలో ఏబీసీ పౌడర్ సిలిండర్ పెట్టి చాలా కాలమైంది. అలారం పనితనానికి వంక పెట్టను. కోపమంతా దాంతోపాటు ఇచ్చే రెండువైపులా అంటుకునే టేపు మీదే.

టేపు అంటుకునేది స్లాబుకి కాదు, రంగుకి. రంగు కింద లప్పం ఉంటుంది. కార్తీకం ముసురుకి లప్పం చెమ్మ పీల్చి పొర వదిలేస్తుంది. ఊడిపడ్డ అలారాన్ని తిప్పి చూస్తే టేపు జిగురు జిగురుగానే ఉంది, దాన్నంటుకుని తెల్లటి లప్పం పెచ్చు ఉంది. ఇంకా గట్టి టేపు తెచ్చినా ఊడేది ఆ పెచ్చే.

అందుకని స్క్రూలే దిక్కు. ముందు చోటు చూసుకోవాలి. పొయ్యికి మూడు మీటర్లు, ఫ్యాను రెక్క కొసకి 90 సెంటీమీటర్లు ఎడం ఉండాలి, లేకపోతే ఫ్యాను గాలి పొగని అలారం దాకా రానివ్వదు. ఫ్యానుకీ లైట్లకీ మధ్య స్లాబులో వైర్ల పైపులు పోయి ఉంటాయి, ఆ దారిలో డ్రిల్లు పెట్టొద్దు. ఆరు ఎంఎం బిట్‌కి 35 ఎంఎం దగ్గర టేపు ముక్క చుట్టుకుంటే లోతు తెలుస్తుంది (ఆ టేపుకి ఇదొక్కటే సరైన పని). బిట్ దిగకుండా కీచుమంటే కమ్మి తగిలినట్టు, రెండు సెంటీమీటర్లు జరపండి. బొక్కలో దుమ్ము బ్రష్‌తో లాగేస్తేనే ప్లగ్ పూర్తిగా దిగుతుంది. డబ్బాలో ఇచ్చిన పొట్టి స్క్రూ లప్పాన్నీ పూతనీ దాటి కాంక్రీటుని పెద్దగా పట్టదు, 35 ఎంఎం స్క్రూ వేయండి. దుమ్ము సర్దుకున్నాకే అలారం బిగించాలి. లోపలికి పోయిన దుమ్ముని కూడా అది పొగ కిందే లెక్కేసి మోగుతుంది. పీవోపీ సీలింగైతే మామూలు ప్లగ్ నిలవదు, వెనక రెక్కలు విచ్చుకునే రకం కావాలి.

వంక పెట్టనన్నాను గానీ, తలుపులేసి ఏసీ వేసుకునే ఎండాకాలంలో ఎండుమిరపకాయల తిరగమాతకి మూడు మీటర్ల దూరంలోనూ అరుస్తుంది. బ్యాటరీ పీకకండి, కిటికీ తెరిచి బటన్ నొక్కితే చాలు. గ్యాస్ లీకు మాత్రం దీనికి తెలియదు.

మంటలార్పే సిలిండర్‌ని పొయ్యి పైన కాదు, బయటికి పోయే దారిలో రొమ్మెత్తున బిగించాలి. మంట దాటుకుని వెళ్ళి తీసుకునేలా ఉంటే అది ఉన్నా లేనట్టే. గోడకి ఎనిమిది ఎంఎం ప్లగ్‌లు రెండు చాలు. అప్పుడప్పుడూ దాని మీటరు ముల్లు పచ్చలో ఉందో లేదో చూడండి. మూకుట్లో నూనె అంటుకుంటే మాత్రం దగ్గర్నుంచి పౌడర్ కొట్టొద్దు, ఆ ఊపుకి నూనె చిమ్ముతుంది. పొయ్యి కట్టేసి మూత పెట్టడమే.

మాది సొంత ఫ్లాట్ కాబట్టి డ్రిల్లుకి అడ్డు చెప్పేవాళ్ళు లేరు. అద్దె ఇంట్లో ఓనర్ ఒప్పుకోవాలి. ఖాళీ చేసేటప్పుడు ఆ బొక్కల్ని లప్పంతో పూడ్చిస్తామని చెప్పి అడిగి చూడండి.