వాడిన సూది: క్యాప్ పెట్టాలా, కటర్ దాకా మోయాలా, మంచం పక్కనే వదిలించుకోవాలా?

ఇంజెక్షన్ ఇచ్చాక సూదిని ఏం చేయాలన్న విషయంలో మా వార్డులో ముగ్గురు సిస్టర్లకు మూడు అలవాట్లు ఉండేవి. ఒకరు క్యాప్ పెట్టి ట్రేలో వేసుకునేవారు. ఇంకొకరు సూదిని అలాగే పట్టుకుని నర్సుల టేబుల్ దగ్గరున్న కటర్ దాకా వెళ్లి కోసేవారు. మూడో ఆవిడ కటర్‌నూ సూదులు వేసే తెల్ల డబ్బానూ ట్రాలీ మీదే పెట్టుకుని, మంచం దగ్గరే పని ముగించేవారు. మూడింటినీ నేను ఒకే ప్రశ్నతో చూస్తాను: రోగి ఒంట్లోంచి బయటికొచ్చిన సూది డబ్బాలో పడేలోపు ఎవరెవరి చేతుల దగ్గరగా వెళ్తుంది?

క్యాప్ పెట్టడం జాగ్రత్తలా కనిపిస్తుంది కానీ, కుడిచేత్తో పట్టిన సూది మొనను ఎడమచేతి వేళ్ల వైపుకే తీసుకెళ్లే పని అది. గురి కొంచెం తప్పితే బొటనవేలికో చూపుడువేలికో దిగుతుంది. తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే క్యాప్‌ను ట్రేలో పడుకోబెట్టి, ఒక్క చేత్తోనే సూదిని అందులోకి దూర్చాలి. రెండో చెయ్యి దగ్గరకు రాకూడదు.

కటర్ మంచి పరికరమే. సూదితో పాటు సిరంజి మూతినీ కోసేస్తుంది కాబట్టి మళ్లీ వాడటం కుదరదు. సూది తెల్ల డబ్బాలోకి, సిరంజి ఎర్ర సంచిలోకి పోతాయి. కానీ అది పది మంచాల అవతల ఉంటే దారిలో ఎవరో పిలుస్తారు, ఎవరో తగులుతారు. అక్కడే సూది కిడ్నీ ట్రేలో ఉండిపోతుంది. సూదిని కాల్చేసే కరెంటు బర్నర్‌దీ ఇదే సమస్య. పైగా ఒక్కోసారి అడుగున చిన్న మొన మిగిలిపోతుంది.

ఆ మిగిలిపోయిన సూది ఎవరికి గుచ్చుకుంటుందో ఒక రాత్రి చూశాను. ఒక సిస్టర్ రోగి సిరలోకి మందు ఎక్కించే సన్నని గొట్టం, అంటే ఐవీ క్యాన్యులా వేసి, లోపలి సూదిని దూదితో పాటు ట్రేలో ఉంచారు. తర్వాత ట్రేలోని దూదంతా పసుపు సంచిలోకి పోయింది. తెల్లవారుజామున శానిటేషన్ అమ్మ ఆ సంచిని తొడకు ఆనించుకుని ఎత్తింది. సూది చీరలోంచి దిగింది. వెంటనే ఆమె గాయాన్ని గట్టిగా పిండబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. పిండితే లాభం లేదు, బ్లీచింగ్ పోయకూడదు. సబ్బు, పారే నీళ్లతో కడిగించి డ్యూటీ డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాను.

ఆ సూది ఏ రోగిదో ఎవరూ చెప్పలేకపోయారు. పైగా ఆమెకు హెపటైటిస్ బి టీకా ఒక్క డోసు కూడా వేయలేదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం చెత్త ఎత్తేవారికీ ఆ టీకా వేయించాలి. ఆమెను పనిలో పెట్టుకున్న కాంట్రాక్టర్ వేయించలేదు. హెపటైటిస్ బి ఉన్న రోగి సూది గుచ్చుకుంటే, టీకా లేనివారిలో 100కి 6 నుంచి 30 మందికి సోకవచ్చు. హెచ్ఐవీ అయితే 1000కి దాదాపు ముగ్గురికి. అందుకే ఆమెకు ఆ రోజే టీకా మొదటి డోసుతో పాటు, వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజెక్షన్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇచ్చారు. హెచ్ఐవీ నివారణ మందులు రెండు గంటల్లోపే మొదలయ్యాయి. 72 గంటలు దాటితే ఆ మందులు ఇచ్చి ప్రయోజనం ఉండదు. 28 రోజులు వికారంతోనే మింగింది. ఆరు నెలల పరీక్ష నెగెటివ్ వచ్చేదాకా ఆ ఇంట్లో అందరికీ టెన్షనే.

అందుకే నా ఓటు ట్రాలీ మీది కటర్‌కూ డబ్బాకూ. సిరంజి సూదిని అక్కడే కోయాలి, క్యాన్యులా సూదిని నేరుగా డబ్బాలో వేయాలి. చేత్తో ఏ సూదినీ ఊడదీయకూడదు. ట్రాలీ బరువు పెరుగుతుందని మొదట్లో గొణిగారు. రెండు వారాల్లో అలవాటైంది.

సూది తనంతట తానే లోపలికి ముడుచుకునే సేఫ్టీ పరికరాలు వీటన్నిటికంటే మేలు, ఖర్చే అడ్డు. డబ్బు కొద్దిగానే ఉంటే కండరానికిచ్చే ఇంజెక్షన్లకు కాకుండా, ముందు క్యాన్యులాలకూ రక్తం తీసే సూదులకూ పెట్టమంటాను. సిరలోకి వెళ్లొచ్చిన బోలు సూదిలో రక్తం ఎక్కువగా నిలుస్తుంది, ప్రమాదం కూడా వాటితోనే ఎక్కువ.

ఇక గ్లోవ్స్ మాట. నర్సులు వేసుకునే పల్చటి గ్లోవ్స్ సూదిని ఆపలేవు. సంచులు మోసేవారికి మందపాటి రబ్బరు గ్లోవ్స్, మూసి ఉన్న బూట్లు ఇవ్వాలి. సంచిని మెడ దగ్గర పట్టుకుని ఒంటికి దూరంగా ఎత్తాలి, చేత్తోనో కాలితోనో అదమకూడదు. కింద పడిన సూదిని పటకారుతోనే తీయాలి. తెల్ల డబ్బా ముప్పావు వంతు నిండగానే మూసేయాలి. అంతకు మించి నింపితే, తర్వాత సూది వేసే చేతికి లోపలి మొనలే ఎదురొస్తాయి.