కంట్లో లెన్స్ ఉన్నప్పుడు ఐ డ్రాప్స్: చాలాకాలంగా వాడుతున్న అనుభవంతో

మాది ఒంగోలు. ఉద్యోగం చీమకుర్తిలో, ఒక గ్రానైట్ కంపెనీలో అకౌంట్స్. క్వారీల ఊరు కాబట్టి లారీ పోయిన ప్రతిసారీ దుమ్ము లేస్తుంది, ఎండాకాలంలో మరీ ఎక్కువ. నాకు కళ్ళకి ఎలర్జీ ఉంది. పెట్టుకునేది నెలకోసారి మార్చే సాఫ్ట్ లెన్సులు. ఎలర్జీకి డాక్టరు గారు రాసిచ్చింది ఓలోపటడిన్ 0.1 శాతం చుక్కలు, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి. లెన్సులూ చుక్కల మందూ కలిపి వాడటం చాలాకాలంగా నడుస్తోంది. ఏది పనిచేసిందో, ఏది ఇబ్బందో ఇక్కడ రాస్తున్నాను.

చుక్కల సీసాని ఒకసారి తెరిచాక నెల రోజులు వాడతాం. ఈలోపు అందులో క్రిములు చేరకుండా ప్రిజర్వేటివ్ కలుపుతారు. ఎక్కువ మందుల్లో అది బెంజాల్కోనియం క్లోరైడ్. పెట్టె పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒకసారి వెతికి చూడండి. లెన్స్ లేని కంట్లో పడితే దాన్ని కన్నీళ్ళు కొద్ది నిమిషాల్లో కడిగేస్తాయి. సాఫ్ట్ లెన్స్ ఉంటే మాత్రం అది నీళ్ళతో పాటు ఈ రసాయనాన్నీ పీల్చుకుంటుంది. తర్వాత కొన్ని గంటలపాటు నల్లగుడ్డు మీదికే కొద్దికొద్దిగా వదులుతుంది. దాంతో మంట, ఎరుపు, చూపు కాస్త మసకబారడం. మందు పడలేదేమో అనుకుంటాం కానీ, చాలాసార్లు కారణం ఇదే.

అందుకే లెన్స్ తీశాకే చుక్క వేసుకోవాలి, లెన్స్ మళ్ళీ పెట్టుకోవడానికి కాసేపు ఆగాలి. నా మందు కాగితంలో కనీసం 10 నిమిషాలు అని ఉంది. డాక్టరు గారు 15 చెప్పారు, నేను 15 పాటిస్తాను. సీసాలోంచి పడే చుక్క, కన్ను పట్టుకోగలిగిన దానికన్నా పెద్దది. కాబట్టి మిగిలింది చెంప మీదికో, ముక్కులోకో పోతుంది. కంట్లో నిలిచింది కూడా 15 నిమిషాల్లో చాలావరకు పలచబడిపోతుంది. గట్టిగా పనిచేయాలని రెండు చుక్కలు వేసుకుంటే రెండోది మొదటిదాన్ని తోసేస్తుంది, సీసా త్వరగా అయిపోతుంది, అంతే.

వేసుకునే పద్ధతి కూడా ముఖ్యమే. సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకోవాలి. తడి వేళ్ళతో లెన్స్ ముట్టుకోకూడదు, కుళాయి నీళ్ళు లెన్స్‌కి అస్సలు తగలకూడదు. కింది రెప్పని మెల్లగా లాగి, పైకి చూస్తూ, రెప్పకీ కంటికీ మధ్య ఏర్పడిన సందులో ఒక చుక్క వదలాలి. సీసా మూతి రెప్పకి తగలకూడదు. తర్వాత కన్ను మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలని వేలితో ఒక నిమిషం నొక్కి పట్టుకుంటాను. ఇలా చేసినప్పటి నుంచి గొంతులో చేదు తెలియడం లేదు. మందు ముక్కులోకి జారకుండా కంట్లోనే ఉంటోందని దాన్నిబట్టి అర్థమైంది.

ఒక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పొద్దున 6:45కి చుక్క. ఆ తర్వాత క్యారియర్ సర్దుకోవడం, టిఫిన్. 7:00 దాటాక లెన్సులు పెట్టుకుని బస్సుకి బయల్దేరతాను. ఆఫీసులో లెన్సులు ఉన్నంతసేపూ ఎలర్జీ మందు ముట్టుకోను. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుని ముందు లెన్సులు తీసేస్తాను, వెంటనే చుక్క. ఇక్కడ ఆగాల్సిన పని లేదు, ఎందుకంటే ఆ రాత్రికి లెన్స్ మళ్ళీ పెట్టుకోను. పడుకునే ముందు జెల్ కూడా రాసిస్తే, చుక్క వేసిన 5 నిమిషాల తర్వాత జెల్. చిక్కటిది ఎప్పుడూ చివర్నే, లేకపోతే పలచటి మందు లోపలికి చేరదు.

మధ్యాహ్నం ఏసీలో కంప్యూటర్ ముందు కళ్ళు పొడిబారడం మామూలే. దీనికి నేను వాడేది ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, ఒక్కసారికి సరిపోయే చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో వస్తాయి. లెన్స్ మీద వేసుకోవచ్చని పెట్టె మీద స్పష్టంగా రాసి ఉన్న రకాన్నే తీసుకుంటాను. వీటికి లెన్స్ తీయక్కర్లేదు, వేసి రెండు మూడుసార్లు రెప్ప కొడితే చాలు. లోపం ఏమిటంటే మామూలు సీసా కన్నా ఖరీదు. ప్రిజర్వేటివ్ లేదు కాబట్టి తెరిచిన గొట్టాన్ని రేపటికి దాచుకోవడం కుదరదు. లెన్స్ కడిగే సొల్యూషన్‌ని కంటి చుక్కల్లా వాడకూడదు, అది వేరే పనికి చేసింది.

ఎర్రబడిన కళ్ళని తెల్లగా చేసే చుక్కలు కూడా మెడికల్ షాపుల్లో అడగ్గానే ఇస్తారు. అవి రక్తనాళాల్ని కుదించి ఎరుపుని కాసేపు దాస్తాయి, ప్రభావం తగ్గాక కొందరికి ఎరుపు ఇంకా ఎక్కువగా వస్తుంది. లెన్స్ పెట్టుకునేవాళ్ళకి ఎరుపు ఒక హెచ్చరిక. దాన్ని దాచేసే మందుని నేను ఇంట్లో ఉంచను.

ఇక ఈ 15 నిమిషాల లెక్క ఎక్కడ పనికిరాదో చెప్పాలి. మా చెల్లెలు కావలిలో ఉంటుంది, తనూ లెన్సులే. ఒకసారి ఒక కన్ను ఎర్రబడి చీము కట్టింది. మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. ఫోన్ చేసి, "అక్కా, నువ్వు చెప్పినట్టే పావుగంట ఆగి లెన్స్ పెట్టేసుకోనా? రేపు పెళ్ళికి వెళ్ళాలి" అంది. "వద్దే, ఆ లెక్క ఎలర్జీ చుక్కలది. ఇన్ఫెక్షన్ ఉన్న కంటికి లెన్సే పెట్టుకోకూడదు" అన్నాను. ఆ మందుల్లో కొన్నింట్లో ప్రిజర్వేటివ్ ఉండదు కూడా, అయినా లెన్స్ పెట్టకూడదు. క్రిములు లెన్స్‌నీ డబ్బానీ పట్టుకుని ఉంటాయి, పైగా లెన్స్ కింద నల్లగుడ్డుకి గాలి తక్కువ అందుతుంది. తను కళ్ళజోడుతోనే పెళ్ళికి వెళ్ళింది. లెన్సుల్నీ డబ్బానీ డాక్టరుకి చూపించాక పారేసింది, వాళ్ళు సరేనన్నాకే కొత్తవి తెరిచింది.

ఎలర్జీకీ ఇన్ఫెక్షన్‌కీ తేడా ఇంట్లోనే కొంత తెలుస్తుంది. ఎలర్జీ ఎక్కువగా రెండు కళ్ళకీ వస్తుంది, దురద ముందుంటుంది, నీళ్ళు కారతాయి. ఒకే కన్ను నొప్పెడుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, చూపు తగ్గినా, లెన్స్ తీశాక కూడా నొప్పి పోకపోయినా చుక్కలతో ప్రయోగాలు చేయకుండా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నల్లగుడ్డు మీద పుండు లేవడానికి ఎక్కువ రోజులు పట్టదు.

ఈ పద్ధతి రోజుకి రెండుసార్లు వేసే మందుకి హాయిగా సరిపోతుంది. నాలుగుసార్లు వేయాల్సిన మందు రాస్తే ఆఫీసులో లెన్స్ తీసి, డబ్బాలో పెట్టి, పావుగంట ఆగి మళ్ళీ పెట్టుకోవడం కుదిరే పని కాదు. చీమకుర్తి దుమ్ములో అది శుభ్రం కూడా కాదు. అలాంటి వారాల్లో నేను కళ్ళజోడు పెట్టుకుని బస్సెక్కుతాను. సీసా తెరిచిన తేదీని పెన్నుతో లేబుల్ మీద రాసుకుని, నెల దాటితే మందు మిగిలినా పారేస్తాను.