డల్లాస్ రాత్రి, శ్రీకాకుళం ఉదయం: ‘శుభోదయం’ మేలా, ‘లేచేవా’ మేలా?

వేసవిలో డల్లాస్‌లో ఉన్న కొడుకు రాత్రి 8:30కు ఫోను చేస్తే, శ్రీకాకుళంలో ఉన్న తల్లికి అప్పుడు మర్నాడు ఉదయం 7 గంటలవుతుంది. నవంబరులో అక్కడి గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు, మన దేశంలో తిప్పరు. అందువల్ల మార్చి వరకు అదే ఫోను ఇక్కడ 8 గంటలకు మోగుతుంది.

ఆ వేళ కొడుకు తల్లికి ‘శుభోదయం’ అనవచ్చు. వినేవారి పొద్దును బట్టి పలకరించడం సరైన పద్ధతే గాని, ఆ మాట మా జిల్లా ఇళ్లలో నోటి వాడుకలో లేదు, సందేశాల్లోనే కనిపిస్తుంది. ‘అమ్మా, లేచేవా? టీ తాగేవా?’ అన్నప్పుడు ఆమె పొద్దూ, ఆమె ఇల్లూ రెండూ ఆ పలకరింపులోకి వస్తాయి. ముగింపులోనూ ‘శుభరాత్రి’ కొడుకుకే సరిపోతుంది కనుక, ‘నేను పడుకుంటానమ్మా, నువ్వు పనులు చూసుకో’ అనడమే నాకు నచ్చుతుంది.

రాతలో మాత్రం జాగ్రత్త వేరు. డల్లాస్‌లో మధ్యాహ్నం 12కు పంపిన ‘శుభరాత్రి’ వేసవిలో ఇక్కడికి రాత్రి 10:30కు చేరుతుంది. అప్పటికే నిద్రపోయిన తల్లి దాన్ని తెల్లవారాక చదువుతుంది. అటువంటప్పుడు ‘లేచాక చూడమ్మా, బాగున్నావా?’ అని రాస్తే, ఆమె ఎప్పుడు చదివినా ఆ మాట పాతబడదు.