రీఫండ్ బదులు వోచర్ ఇస్తామంటే ఒప్పుకోకండి: విశాఖ కొనుగోలుదారులకు హెచ్చరిక

ద్వారకానగర్‌లోని ఒక పెద్ద షోరూమ్‌లో మేము 31,490 రూపాయలకు ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొన్నాము. అందులో 20,000 డెబిట్ కార్డు మీద, మిగిలిన 11,490 యూపీఐ ద్వారా చెల్లించాము. అదనపు వారంటీకి విడిగా 1,999 కట్టాము. మొదటి వారంలోనే డ్రమ్ము తిరిగేటప్పుడు గరగరమని శబ్దం వచ్చి, అడుగు నుంచి నీరు కారడం మొదలైంది. రెండుసార్లు వచ్చి చూసిన టెక్నీషియన్, లోపం తయారీలోనే ఉందని, మెషీన్ మార్చవలసిందేనని జాబ్ షీటులో రాసి సంతకం పెట్టాడు. ఆ మోడల్ ఇక రావడం లేదు కాబట్టి డబ్బు తిరిగి ఇస్తామని కంపెనీయే ఈమెయిల్ పంపి, పదో రోజున మెషీన్ తీసుకువెళ్ళింది.

అసలు ఇబ్బంది ఆ తరువాతే మొదలైంది. కస్టమర్ కేర్ నుంచి ఒకామె ఫోన్ చేసి, "మేడమ్, రీఫండ్ అయితే ఆలస్యమవుతుంది, వోచర్ అయితే ఈరోజే 33,000 ఇస్తాము" అన్నారు. ఆ మాట పూర్తయ్యేలోపే ఫోన్‌కు లింకు వచ్చింది. పదిహేను వందలు ఎక్కువ వస్తున్నాయి కదా అని మా అత్తయ్యగారు నొక్కబోయారు. నేను ఆపి, బటన్ కింద సన్నని అక్షరాలలో ఉన్న షరతులు చదివి వినిపించాను. వోచర్ 90 రోజులే చెల్లుతుంది. ఒకే బిల్లులో 40,000 దాటి కొంటేనే పనిచేస్తుంది, ఆఫర్‌లో ఉన్న వస్తువులకు వర్తించదు. అంటే మన డబ్బు మనం వాడుకోవడానికి చేతి నుంచి కనీసం మరో 7,000 వేసుకోవాలి. అన్నిటికంటే ప్రమాదకరమైనది చివరి వాక్యం: వోచర్ స్వీకరించడంతో ఫిర్యాదు పూర్తిగా పరిష్కారమైనట్లు అంగీకరిస్తున్నానని అందులో ఉంది. ఆ బటన్ నొక్కిన తరువాత బ్యాంకు దగ్గరకు వెళ్ళినా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళినా, మీరే ఒప్పుకున్నారు కదా అని ఆ వాక్యాన్నే చూపిస్తారు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని, చెల్లించిన సొమ్ము బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. అయితే ఇది లోపమున్న వస్తువు సంగతి. రంగు నచ్చలేదనో, ఇంట్లో పట్టలేదనో వెనక్కి ఇస్తే షోరూమ్ తన నియమాల ప్రకారం వోచర్ ఇవ్వవచ్చు, అక్కడ మన వాదన అంత బలంగా నిలవదు. అందుకే జాబ్ షీటు ఫొటో, రీఫండ్ ఇస్తామన్న ఈమెయిల్ రెండూ భద్రపరచుకోవడం చాలా ముఖ్యం. మా దగ్గర అవి లేకపోతే మాటకు మాటగా మిగిలేది.

నేను ఫోన్‌లో వాదించకుండా ఈమెయిల్ రాశాను: "వోచర్ నాకు సమ్మతం కాదు. 31,490 రూపాయలు నేను చెల్లించిన మార్గంలోనే తిరిగి పంపండి." మూడో రోజున రీఫండ్ పూర్తయిందని జవాబు వచ్చింది. ఖాతాలో మాత్రం ఏమీ లేదు. ఇలాంటప్పుడు కార్డు చెల్లింపుకు ఏఆర్ఎన్ నంబరు, యూపీఐకి యూటీఆర్ నంబరు అడగండి. బ్యాంకుకు నిజంగా పంపిన సొమ్ముకు ఆ నంబరు ఉంటుంది, దానితో మన బ్యాంకులోనే విచారించవచ్చు. మేము అడిగితే వారు ఇవ్వలేకపోయారు. తీరా చూస్తే, మేము వద్దన్న 33,000 వోచరునే మా పేరున వారి యాప్‌లో జమ చేసి, రీఫండ్ అని నమోదు చేసుకున్నారు. దానిని ముట్టుకోలేదు. ఒక్క రూపాయి వాడినా ఒప్పుకున్నట్లే చూపిస్తారు.

ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే ఫిర్యాదు చేశాను. వారు తీర్పు చెప్పరు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అయినా అప్పటివరకు దొరకని పై అధికారి ఒకరు ఆ తరువాతనే ఫోన్ చేశారు. విశాఖ జిల్లా కమిషన్‌లో కేసు వేస్తానని, ఐదు లక్షల లోపు చెల్లింపుకు సంబంధించిన కేసుకు ఫీజు కూడా లేదని ఆయనకు స్పష్టంగా చెప్పాను. పదకొండు రోజుల తరువాత కార్డుకు 20,000, మరునాడు యూపీఐ ఖాతాకు 11,490 వచ్చాయి.

అదనపు వారంటీకి కట్టిన 1,999 మాత్రం ఇంకా రాలేదు. అది వేరే బిల్లు అంటున్నారు. మెషీనే వెనక్కి తీసుకున్న తరువాత వారంటీ దేనికని అడుగుతూ నిన్న మళ్ళీ ఈమెయిల్ పంపాను. మీ బిల్లులో కూడా ఇలా విడిగా కట్టిన మొత్తం ఉంటే, రీఫండ్ కోరే మొదటి ఈమెయిల్‌లోనే దానిని కలిపి రాయండి.