పీడనంతో ఎంట్రోపీ ఎంత మారుతుంది? చతురస్రం, గిబ్స్, చక్రం: ఏ దారి మేలు?

ఉష్ణోగ్రత మారనివ్వకుండా నీటి మీద పీడనం పెంచితే దాని ఎంట్రోపీ ఎంత మారుతుంది? ఎంట్రోపీని నేరుగా చూపించే మీటరు ఏదీ లేదు. అందుకే ఆ మార్పును మనం కొలవగలిగే రాశుల్లోకి తెచ్చుకోవాలి. ఆ పని చేసిపెట్టేది ఈ మాక్స్‌వెల్ సంబంధం:

(∂S/∂P)_T = −(∂V/∂T)_P

ఎడమ పక్కన ఉన్నదాన్ని కొలవలేం. కుడి పక్కన ఉన్నది మాత్రం, పీడనం మారకుండా వేడిచేస్తే ఘనపరిమాణం ఎంత పెరుగుతుందన్న మామూలు ప్రశ్న. దానికి ఒక ఫ్లాస్కు, సన్నటి గొట్టం, మంచి థర్మామీటరు చాలు.

చెన్నైలో ఉండి ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షలకు చదువుకునే తెలుగు పిల్లలకు వారాంతాల్లో వేలచ్చేరిలో పాఠం చెబుతుంటాను. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. ఈ చాప్టరు దగ్గర తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "సార్, చతురస్రం గుర్తుంటే సరిపోదా? ఈ డెరివేషన్లన్నీ ఎందుకు?" వాళ్లు అడిగేది న్యాయమే. ఈ సంబంధాన్ని రాబట్టడానికి మూడు దారులు వాడుకలో ఉన్నాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు చతురస్రం. నాలుగు మూలల్లో V, T, P, S, నాలుగు భుజాల మీద నాలుగు శక్తి ఫంక్షన్లు రాసి, రెండు బాణాలు గీస్తారు. మూలల మీదుగా నడిస్తే సంబంధం అర నిమిషంలో వచ్చేస్తుంది. దీంతో ఉన్న చిక్కల్లా గుర్తు దగ్గరే. బాణాల దిశ తిరగబడితే రుణ గుర్తు మాయమవుతుంది. అలా వచ్చిన జవాబు కూడా చూడ్డానికి సరైనదిలాగే ఉంటుంది, ఎందుకంటే ప్రమాణాలు రెండు పక్కలా సరిపోతాయి. పరీక్షల్లో గుర్తు మార్చిన ఆప్షన్ ఎప్పుడూ పక్కనే ఉంటుంది. పైగా ఈ సంబంధం ఎందుకు నిజమో చతురస్రం ఒక్క ముక్క కూడా చెప్పదు. కాబట్టి రాసినదాన్ని సరిచూసుకోవడానికే దాన్ని ఉంచుకోండి. రాబట్టడానికి వద్దు.

రెండోది గిబ్స్ దారి. ఇక్కడ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న, "నా సమస్యలో నా చేతిలో ఉన్నవేంటి?" అన్నది. మనం మార్చేది P, మారకుండా పట్టి ఉంచేది T. కాబట్టి T, P రెండూ సహజ చరరాశులుగా ఉన్న ఫంక్షనే కావాలి. అదే G = U + PV − TS. గట్టిపరచుకోవాల్సింది ఈ ఎంపికనే, మిగతాదంతా అదే నడుస్తుంది. మొదటి, రెండో నియమాలు కలిపితే dU = T dS − P dV. G ని అవకలనం చేసి dU స్థానంలో ఇది పెడితే T dS, P dV రెండూ కొట్టుకుపోయి ఇది మిగులుతుంది:

dG = −S dT + V dP

అంటే (∂G/∂T)_P = −S, (∂G/∂P)_T = V. ఇప్పుడు మొదటిదాన్ని P తోనూ, రెండోదాన్ని T తోనూ మరోసారి అవకలనం చేయండి. G స్థితి ఫంక్షను, అంటే దాని విలువ ఎలా వచ్చామన్నదాని మీద కాక ఎక్కడ ఉన్నామన్నదాని మీదే ఆధారపడుతుంది. అందువల్ల ఏ వరుసలో అవకలనం చేసినా ఫలితం ఒకటే. కాబట్టి −(∂S/∂P)_T = (∂V/∂T)_P. రుణ గుర్తు ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లెదుటే ఉంది: G లోని −TS నుంచి. ఇక దాన్ని మరిచిపోవడమన్నది ఉండదు.

ఈ దారికి హద్దులు కూడా దాని మెట్ల మీదే కనిపిస్తాయి. dU లో P dV పని ఒక్కటే రాశాం. అయస్కాంత క్షేత్రమో, తలతన్యతో చేసే పని కూడా ఉంటే మరో పదం చేరుతుంది. వరుస మార్చి అవకలనం చేశాం కాబట్టి అక్కడ G నున్నగా ఉండాలి. మరిగే బిందువు, కరిగే బిందువు లాంటి చోట్ల V, S రెండూ ఒక్కసారిగా గెంతుతాయి. అక్కడ ఈ సమీకరణం చెల్లదు, క్లాపేరాన్ సమీకరణం వాడాలి.

మూడోది చిన్న చక్రం దారి. నాకు చాలా ఇష్టమైనది ఇదే. 1871లో మాక్స్‌వెల్ కూడా ఈ సంబంధాలను రేఖాగణితంతోనే, బుల్లి సమాంతర చతుర్భుజాల వైశాల్యాలతో రాబట్టాడు. ఆయన గీసినవి సమోష్ణ, స్థిరోష్ణ రేఖలు. మన పనికి సమోష్ణ, సమపీడన రేఖలు సులువు. పదార్థాన్ని P దగ్గర ఉంచి T నుంచి T + dT కి వేడిచేయండి. ఆ వేడిలోనే పీడనాన్ని P + dP కి పెంచండి. తర్వాత అదే పీడనంలో T కి చల్లార్చి, చివరికి T దగ్గరే పీడనాన్ని మళ్లీ P కి దించండి. చక్రం పూర్తయింది.

చుట్టూ తిరిగి మొదటికే వచ్చాం కాబట్టి U మారలేదు. అంటే లోపలికి వచ్చిన నికర వేడి, పదార్థం చేసిన నికర పనికి సమానం. తక్కువ పీడనంలో వ్యాకోచించి ఎక్కువ పీడనంలో సంకోచించింది కాబట్టి పదార్థం చేసిన నికర పని −(∂V/∂T)_P dT dP. అంటే పని మనమే చేశాం. వేడి లెక్క T-S పటంలో చక్రం వైశాల్యం: రెండు సమోష్ణ రేఖల మధ్య ఎత్తు dT, వెడల్పు (∂S/∂P)_T dP. రెండింటినీ సమానం చేస్తే అదే సంబంధం, అదే రుణ గుర్తుతో.

ఇందులో గుర్తుకు అర్థం కూడా దొరుకుతుంది. వేడిచేస్తే వ్యాకోచించే పదార్థమైతే చక్రం మీద మనం పని చేయాల్సి వస్తుంది. ఆ పని ఎక్కడికీ పోకూడదు, నికరంగా వేడిగానే బయటికి రావాలి. అలా రావాలంటే ఎక్కువ ఉష్ణోగ్రతలో నొక్కినప్పుడు వేడి బయటికి రావాలి. కాబట్టి నొక్కితే ఎంట్రోపీ తగ్గుతుంది. వేడిచేస్తే ముడుచుకునే పదార్థమైతే అంతా తిరగబడుతుంది. చిక్కేమిటంటే, పటంలో దిశ తప్పకుండా చుట్టూ తిరగడం, రెండో స్థాయి చిన్న పదాలను జాగ్రత్తగా పట్టుకోవడం పరీక్ష హాల్లో టెన్షన్‌లో కష్టం. అందుకే రాయడానికి గిబ్స్ దారి, మనసుకు ఎక్కడానికి చక్రం దారి అంటాను. ఒక్కటే ఎంచుకోమంటే గిబ్స్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే కొత్త సమస్య వచ్చినా సరైన ఫంక్షను ఎలా ఎంచుకోవాలో అది నేర్పుతుంది.

ఇప్పుడు అంకెల్లోకి వద్దాం. ఘనపరిమాణ వ్యాకోచ గుణకం α = (1/V)(∂V/∂T)_P అని రాసుకుంటే:

ΔS = −∫ Vα dP

చెన్నైలో కుళాయి నీళ్లు ఏడాదిలో చాలా రోజులు 30 °C దరిదాపుల్లోనే ఉంటాయి కాబట్టి ఆ ఉష్ణోగ్రతే తీసుకుందాం. అక్కడ నీటికి α సుమారు 3.03 × 10⁻⁴ K⁻¹, కిలో నీటి ఘనపరిమాణం 1.004 × 10⁻³ m³. పీడనాన్ని 100 బార్లు, అంటే 10⁷ Pa పెంచామనుకోండి. ఈ మేరకు V, α పెద్దగా మారవు కాబట్టి వాటిని సమాకలని బయటికి తీసేయొచ్చు. ΔS ≈ −3.04 J/K. 303 K తో గుణిస్తే బయటికొచ్చే వేడి సుమారు 920 J.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అదే కిలో నీటిని నొక్కడానికి మనం చేసిన పని ½κVP². నీటి సంపీడ్యత κ సుమారు 4.5 × 10⁻¹⁰ Pa⁻¹ కాబట్టి అది 23 J కూడా లేదు. 23 J పెడితే 920 J బయటికొచ్చింది! నియమమేమీ చెడలేదు. మిగతాది నీటి అంతర్గత శక్తి నుంచి వచ్చింది, U దాదాపు 900 J తగ్గింది. నొక్కితే శక్తి పెరగాల్సిందేనన్న ఊహ తప్పని పిల్లలకు అర్థమయ్యేది ఈ లెక్క దగ్గరే.

మరి ఆ వేడినే నేరుగా కొలిస్తే పోదా, ఈ సంబంధం ఎందుకు? రెండింటినీ పోల్చి చూడండి. వేడి బయటికి పోకుండా బిగించి 100 బార్లకు నొక్కితే నీరు వేడెక్కేది TVαP/C_p, అంటే 0.22 డిగ్రీలే. అందులోనూ కొంత మందమైన ఉక్కు పాత్ర లాగేసుకుంటుంది. α కొలవడానికి ఆ బాధ లేదు. 100 మి.లీ. ఫ్లాస్కుకు 1 చ.మి.మీ. రంధ్రమున్న గొట్టం బిగించి, గాలి బుడగ లేకుండా నీరు నింపి, 29 నుంచి 31 డిగ్రీలకు తీసుకెళ్లండి. నీరు 60 మి.మీ. పైకి లేవాలి. బోరోసిలికేట్ గాజు కూడా వ్యాకోచిస్తుంది కాబట్టి 2 మి.మీ. తక్కువ కనిపిస్తుంది, అది కలుపుకోవాలి. మామూలు స్కేలుతో చదవగలిగే దూరమే ఇది.

మరో మాక్స్‌వెల్ సంబంధం (∂S/∂V)_T = (∂P/∂T)_V నుంచి కూడా రావచ్చు. కానీ దానికి ఘనపరిమాణం మారకుండా పట్టి ఉంచాలి. 30 °C దగ్గర నీటిని అలా బిగించి ఒక్క డిగ్రీ వేడిచేస్తే పీడనం దాదాపు 7 బార్లు పెరుగుతుంది, పాత్రే సాగుతుంది. వాయువులకైతే ఆ దారి మంచిదే, ద్రవాలకు మాత్రం వద్దు.

జవాబు సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది ఆదర్శ వాయువు. V = RT/P పెడితే ΔS = −R ln(P₂/P₁) రావాలి. గుర్తు తప్పితే ఇక్కడే దొరికిపోతుంది. రెండోది 4 °C కంటే చల్లటి నీరు. అక్కడ వేడిచేస్తే నీరు ముడుచుకుంటుంది, α రుణం. కాబట్టి నొక్కితే ఎంట్రోపీ పెరగాలి, వేడి తగలకుండా నొక్కితే నీరు చల్లబడాలి. 1850ల చివర్లో జూల్ ద్రవాలను నొక్కి చూసినప్పుడు, అంత చల్లటి నీరు నిజంగానే కొద్దిగా చల్లబడింది.

కానీ ఈ చల్లటి నీటి దగ్గర ఒక జాగ్రత్త అవసరం. 0 °C లో α సుమారు −6.8 × 10⁻⁵ K⁻¹. దాన్ని స్థిరాంకంగా తీసుకుని 100 బార్లకు లెక్కేస్తే కిలోకు +0.68 J/K వస్తుంది. నిజమైన విలువ అంతకంటే తక్కువ. పీడనం పెరిగేకొద్దీ నీటి గరిష్ఠ సాంద్రత ఉష్ణోగ్రత 4 డిగ్రీల నుంచి కిందికి జరుగుతుంది. సుమారు 200 బార్ల దగ్గర అది సున్నాకు చేరేసరికి అక్కడి α కూడా సున్నా అవుతుంది, ఆపైన ధనమవుతుంది. కాబట్టి 30 డిగ్రీల దగ్గర α ని బయటికి తీసినట్టు ఇక్కడ తీయకూడదు. పీడనంతో α ఎలా మారుతుందో పట్టిక తీసుకుని సమాకలనం చేయాలి.