పిల్లల గుండె ఆగినప్పుడు బరువు ఎలా తెలుసుకోవాలి: సూత్రమా, అమ్మ మాటా, రంగుల టేపా?

చెన్నైలో నేను పనిచేసే అత్యవసర విభాగానికి తడ, సూళ్లూరుపేట, గూడూరు వైపు నుంచి పిల్లలను తీసుకొస్తూనే ఉంటారు. అందువల్ల రాత్రి డ్యూటీలో నా తెలుగుకు గిరాకీ ఎక్కువ. గుండె ఆగిన పిల్లవాడు బల్ల మీదికి చేరగానే తల్లిని నేను అడిగే మొదటి ప్రశ్న "బరువెంతమ్మా?" అనే. పెద్దవాళ్లకైతే గుండెను మళ్లీ కొట్టించడానికి ఇచ్చే అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము, లెక్కతో పని లేదు. పిల్లలకు కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఛాతీ నొక్కుతున్న చేతులు ఆపి పిల్లవాణ్ని తూకం మీద పెట్టలేం. గుండె లయ షాకు ఇవ్వడానికి పనికిరానిదైతే, నొక్కడం మొదలైన ఐదు నిమిషాల్లోపే మొదటి డోసు పడాలి. ఆ తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాలకొకటి.

బరువు అంచనాకు మా దగ్గర ఉన్న దారులు మూడు. ఒక నాలుగేళ్ల పిల్లవాణ్ని ఊహించుకొని మూడింటినీ చూద్దాం. సన్నటి మనిషి, పొడవు 93 సెంటీమీటర్లు, అసలు బరువు 12 కిలోలు. ఆ సంఖ్య ఇంకా మనకు తెలియదు.

మొదటిది వయసు సూత్రం. ఏళ్లను రెండుతో గుణించి ఎనిమిది కలపాలి. నాలుగేళ్లంటే 16 కిలోలు. పరికరం అక్కర్లేదు, చీకట్లోనైనా చేయవచ్చు. కానీ ఇది బాగా తిని ఎదిగిన పిల్లల సగటుకు సరిపోయే లెక్క. మన పిల్లవాడి విషయంలో మూడో వంతు ఎక్కువ చూపించింది. పైగా మన భాషలోనే ఒక మెలిక ఉంది. "నాలుగో ఏడు నడుస్తోంది" అంటే నిండినవి మూడే. తెలుగు రాని నర్సు చెవికి అందులో "నాలుగు" ఒక్కటే ఆనుతుంది.

రెండోది అమ్మ మాట. "పోయిన నెల అంగన్‌వాడీలో తూచారు సార్, పన్నెండు కిలోలు" అని తల్లి అంటే దానికి మించిన ఆధారం లేదు. నేను దాన్నే పట్టుకుంటాను. చిక్కల్లా ఆ సమయంలో తల్లి గొంతు పెగలకపోవడం, లేదా పిల్లవాణ్ని ఎత్తుకొచ్చినవాడు ఆటో డ్రైవరు కావడం.

మూడోది రంగుల టేపు. దీన్ని 1980లలో అమెరికాలో జేమ్స్ బ్రోసెలో రూపొందించాడు, రాబర్ట్ లూటెన్ కలిసి మెరుగుపరిచాడు. పొడవునుబట్టి బరువు, బరువునుబట్టి మందు, గొట్టాల సైజు అన్నీ ఆ పట్టీ మీదే అచ్చయి ఉంటాయి. బూడిద రంగు 3 నుంచి 5 కిలోలకు, పసుపు 12 నుంచి 14కు, ఆకుపచ్చ 30 నుంచి 36కు. మధ్యలో మరి కొన్ని రంగులు. ఎర్ర కొస నడినెత్తి దగ్గర పెట్టి, కాళ్లు చాపి, మడమ ఎక్కడ ఆగితే ఆ రంగు చదవాలి. కాలి వేళ్ల దాకా లాగితే పక్క రంగులోకి జారిపోతాం. మోకాలు ముడిచి ఉంటే వెనక్కి జారుతాం. మన పిల్లవాడు పసుపులో పడ్డాడు, నడిమి అంచనా 13 కిలోలు. సూత్రం నాలుగు కిలోలు తప్పిన చోట టేపు ఒక్క కిలో తప్పింది.

ఆ ఒక్క కిలో కూడా యాదృచ్ఛికం కాదు. ముంబై పిల్లల మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పది కిలోలు దాటిన మన పిల్లలకు ఈ టేపు బరువును పది శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుందని తేలింది. పది కిలోల లోపు మాత్రం బాగానే సరిపోయింది. ఇదే చెన్నైలో అపార్టుమెంట్ల నుంచి వచ్చే బొద్దు పిల్లల దగ్గర కథ తిరగబడుతుంది, టేపు తక్కువ చూపిస్తుంది. అడ్రినలిన్ విషయంలో దానికి నేను పెద్దగా కంగారుపడను. ఆ మందుకు లెక్కలోకి వచ్చే కొవ్వు లేని బరువు పొడవుతోనే ఎక్కువగా ముడిపడి ఉంటుంది కదా.

ఇక మందులోకి వద్దాం. 16 కిలోలనుకుంటే 0.16 మిల్లీగ్రాములు, 13 అనుకుంటే 0.13, అసలు కావలసింది 0.12. నిజం చెప్పాలంటే ఈ తేడాలేవీ నాకు నిద్ర పట్టకుండా చేసేవి కావు. ప్రమాదం దశాంశ చుక్కలో ఉంది. బరువు ఊహించడం, 0.01తో గుణించడం, మిల్లీగ్రాములను మిల్లీలీటర్లకు మార్చడం, ఇవన్నీ అరుపుల మధ్య నోటి లెక్కగా చేయాలి. టేపు మొదటి రెండు మెట్లనూ మింగేస్తుంది, వేగమంతా అక్కడి నుంచే. మూడో మెట్టు మాత్రం మన నెత్తినే ఉంటుంది. టేపు మీద మిల్లీగ్రాములున్నా మిల్లీలీటర్లున్నా, దాన్ని తయారుచేసినవాళ్ల మనసులో ఉన్నది మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉండే పలుచని అడ్రినలిన్. మన ట్రాలీలో ఉండే ఆంప్యూల్ అనే చిన్న గాజు సీసాలో ఒక్క మిల్లీలీటరులోనే ఒక మిల్లీగ్రాము ఉంటుంది. సరిగ్గా పదింతలు చిక్కన.

ఒక మాక్ డ్రిల్‌లో ఇది కళ్లారా చూశాను. బొమ్మ పసుపులో పడింది, కుర్ర డాక్టరు టేపు తప్పు లేకుండా చదివి "1.3 మిల్లీలీటర్లు" అన్నాడు. నర్సు రెండు ఆంప్యూళ్లు విరిచి, సెలైన్ కలపకుండానే 1.3 లాగింది. పెద్దవాళ్ల డోసుకన్నా ఎక్కువ! చేయవలసిందల్లా ఒక ఆంప్యూల్‌కు తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్ కలిపి, సిరంజి మీద పేరు రాసి, అందులోంచి 1.3 చిన్న సిరంజిలోకి తీయడం. పదింతల డోసు ఒకప్పుడు కావాలనే ఇచ్చి చూశారు. బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగం ఫలితాలు 2004లో వచ్చాయి. మామూలు డోసు అందుకున్న పిల్లలకన్నా, పెద్ద డోసు అందుకున్నవాళ్లలో 24 గంటలు బతికినవాళ్లు తక్కువ.

ఆ డ్రిల్ తర్వాత నేను రెండో ఆంప్యూల్ విరిగిన చప్పుడు వింటే "ఆగు" అంటాను. ఏ పిల్లవాడికైనా ఒక్క డోసు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, అంటే ఒక ఆంప్యూల్ దాటనే దాటదు. అయితే ఈ కాపలా పది కిలోల పైవాళ్లకే. ఏడు కిలోల పసికందుకు కలపకుండా 0.7 లాగినా ఒక్క ఆంప్యూల్‌లోనే సరిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు.

షాకు ఇచ్చినా లొంగని లయకు వాడే అమియోడరోన్ కిలోకు 5 మిల్లీగ్రాములు. మన పిల్లవాడికి 65. మా ఆంప్యూల్‌లో మిల్లీలీటరుకు 50 ఉంటుంది కాబట్టి ఇదీ 1.3 మిల్లీలీటర్లే! కిలోల్లో పదో వంతు అని రెండింటికీ ఒకే గుర్తు. కాకపోతే అడ్రినలిన్‌ను కలిపాక కొలవాలి, అమియోడరోన్‌ను కలపకముందే కొలవాలి. ఇది తారుమారైతే ఒకటి పదింతలవుతుంది, రెండోది నీళ్లవుతుంది.

అందుకని ఏది మేలంటే, తల్లికి ఇటీవలి తూకం తెలిస్తే అదే. తెలియకపోతే టేపు, అది కూడా పది కిలోలు దాటిన సన్న పిల్లవాడైతే ఒక పదో వంతు తగ్గించి. వయసు సూత్రాన్ని టేపు దొరకనప్పుడే బయటికి తీస్తాను. దొరకకపోవడం అరుదేమీ కాదు, ఒకప్పుడు మా టేపు ప్లాస్టిక్ సంచిలో, తాళం వేసిన సొరుగులో ఉండేది. ఇప్పుడు ట్రాలీ పక్కనే వేలాడుతోంది. ఆ పక్క గోడ మీద, మా ఫార్మసీ ఇచ్చే ఆంప్యూళ్ల ప్రకారం ఒక్కో రంగుకు ఎన్ని మిల్లీలీటర్లో రాసిన కాగితం. అడ్రినలిన్ గడి పైన "తొమ్మిది సెలైన్ కలిపాక" అని ఎర్ర సిరాతో ఉంది. ఫార్మసీ కంపెనీ మార్చినప్పుడల్లా ఆంప్యూల్ మీది అక్షరాలు చదివి, ఆ కాగితాన్ని మళ్లీ సరిచూడటం నా వంతు.