పే స్లిప్ సరిచూసుకోవడానికి పాకెట్ నోటుబుక్కు: రెండేళ్ల వాడకం తర్వాత

శ్రీసిటీ, రేణిగుంట వైపు షిఫ్టు డ్యూటీలకు ఫోన్ యాప్‌ల కన్నా జేబులో పట్టే నోటుబుక్కే నయం. కొన్ని ఫ్యాక్టరీల్లో ఫోన్ గేటు దగ్గరే పెట్టేయాలి కదా. రోజుకో లైను చాలు: తేదీ, షిఫ్టు, ఇన్ పంచ్, అవుట్ పంచ్, ఓటీ గంటలు, ఉండమన్న సూపర్‌వైజర్ పేరు. కంపెనీ బస్సు ఎక్కిన టైం కాదు, పంచ్ టైమే రాయాలి. వారానికోసారి గుర్తుతెచ్చుకుని రాసే పుస్తకం ఎందుకూ పనికిరాదు.

ఎక్కువమంది పొరపడేది నెల లెక్క దగ్గర. జీతం మార్చిదే అయినా, చాలాచోట్ల హాజరు మాత్రం ఫిబ్రవరి 21 నుంచి మార్చి 20 వరకే తీసుకుంటారు. నోటుబుక్కులో 1 నుంచి 31 దాకా కూడితే తేడా రాక మానదు. మీ దగ్గర కటాఫ్ ఏ తేదీయో ముందు అడిగి, పుస్తకంలో ఆ తేదీ కింద గీత గీయండి.

ఒక లెక్క చూద్దాం. బేసిక్, డీఏ కలిపి 15,600. దాన్ని 26తో భాగిస్తే రోజుకు 600, గంటకు 75. ఓటీకి రెట్టింపు కాబట్టి 150. పుస్తకంలో 22 గంటలుంటే స్లిప్‌లో 18 పడ్డాయి. ఆ నాలుగు గంటలకు 600 అని వెంటనే అడగొద్దు, తేదీలు వెతకండి. 20 రాత్రి సి షిఫ్టు ఎక్కి 21 ఉదయం 6కి బదులు 8కి దిగితే, ఆ రెండు గంటల ఓటీ వచ్చే నెలకు పోయుండొచ్చు. 11 రాత్రి డ్యూటీది వేరే సంగతి. 12 ఉదయం 8కి కొట్టిన అవుట్ పంచ్‌ను మెషిన్ 12వ తేదీ ఇన్‌గా తీసుకుంటే, హాజరు పడినా ఓటీ మాత్రం ఎగిరిపోవచ్చు. కాబట్టి ఇప్పుడు అడగాల్సింది రెండు గంటలే, 300. ఈఎస్ఐ ఉంటే ఓటీ మీద కూడా 0.75 శాతం పోతుంది, కనుక చేతికి రెండు మూడు రూపాయలు తగ్గుతాయి.

అడిగే మెసేజ్ ఇలా ఉంటే పని తొందరగా అవుతుంది:

"మేడమ్, నమస్కారం. ఎంప్లాయీ నంబరు ఫలానా. మార్చి స్లిప్‌లో ఓటీ 18 గంటలు ఉంది. 11వ తేదీ సి షిఫ్టులో 12 ఉదయం 8 దాకా ఉన్నాను, ఆ 2 గంటలు పడినట్టు లేదు. ఒకసారి పంచ్ రిపోర్టు చూడగలరా? 20 రాత్రి 2 గంటలు ఏప్రిల్ స్లిప్‌లో వస్తాయా?"

"జీతం తక్కువేశారు" అని మొదలుపెడితే సమాధానం కూడా అదే గొంతులో వస్తుంది. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు కంపెనీ హెచ్ఆర్‌ని కాకుండా స్లిప్ ఇచ్చిన కాంట్రాక్టరు మనిషిని ముందు అడగాలి, లేకపోతే అక్కడికీ ఇక్కడికీ తిప్పుతారు.

దీనికున్న లోపం ఒక్కటే. పుస్తకం మన రాతే, పంచ్ రిపోర్టుకున్నంత బలం దానికుండదు. అందుకే సూపర్‌వైజర్ పేరు గడి ఖాళీగా వదలొద్దు. పంచ్ దొరక్కపోతే మిస్ పంచ్ ఫారం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.